గోంగూర ఒక్కటే, కూరలు రెండు

ప్రశ్న: మా అమ్మాయి వీగన్ అయింది. పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టదు. మిగతావాళ్లం అన్నీ తింటాం. రోజూ రెండు వంటలు చేయలేకపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: వంట కలిపి మొదలుపెట్టి, చివర్లో విడదీయండమ్మా. గోంగూర మాంసమే తీసుకోండి. మటన్‌ను అల్లం వెల్లుల్లితో కుక్కర్‌లో విడిగా ఉడికించండి. బాణలిలో నూనె వేసి ఉల్లి, పచ్చిమిర్చి, గోంగూర మగ్గించండి. ఉప్పు, కారం పట్టి ముద్దయ్యాక అమ్మాయి వాటా వేరే గిన్నెలోకి తీసి, ఉడికించిన శనగలు కలిపి పది నిమిషాలు సన్నసెగ మీద ఉంచండి. మిగిలిన దాంట్లో మటన్ వేయండి. శనగలు ముందే మెత్తగా ఉడకాలి. పులుపు తగిలాక ఇక మెత్తబడవు. వేలితో నొక్కితే నలగాలి. గరిటెలు కూడా వేరుగా ఉంచండి.

పప్పుకైతే ఇంత పని లేదు. తాలింపు నూనెతో పెట్టి, నెయ్యి ఎవరి కంచంలో వాళ్లు వేసుకుంటే సరి.

ఒక్క లోటు మాత్రం వంటతో తీరదు. విటమిన్ బి12 మొక్కల ఆహారంలో నమ్మకంగా దొరకదు కాబట్టి మాత్ర ఎంత మోతాదులో వాడాలో డాక్టర్‌ను అడగండి.