లింటెల్ దాకా లేచిన గోడకు మొత్తం బిల్లా?

ప్రశ్న: గోడల దశకు రూ.3 లక్షలని రాసుకున్నాం. గోడలు లింటెల్ దాకే లేచాయి. కాంట్రాక్టర్ మొత్తం అడుగుతున్నారు. ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండీ. పదడుగుల ఎత్తు గోడలో ఏడడుగులు లేచాయి కాబట్టి 70 శాతం ఇద్దామనుకున్నా ఎక్కువే ఇచ్చినట్టవుతుంది, ఎందుకంటే తలుపులు, కిటికీల ఖాళీలన్నీ లింటెల్ కిందే ఉంటాయి. 20 అడుగుల పొడవు గోడ తీసుకోండి. ఏడడుగుల ఎత్తుకు 140 చదరపు అడుగులు. మూడున్నర, ఏడు అడుగుల తలుపుకు, నాలుగేసి అడుగుల కిటికీకి కలిపి 40 తీసేస్తే కట్టింది దాదాపు 100. పైన ఇంకా 60 ఉంది. అంటే పూర్తయింది 62 శాతమే. అన్ని గోడలూ ఇలాగే ఉంటే రూ.1.87 లక్షలు చాలు. టేపు పట్టి ప్రతి గోడా కొలిచి, కొలతల పుస్తకంలో ఇద్దరూ సంతకం చేయండి.

ఇటుక, సిమెంటు ముందే కొన్నానని ఆయన అనొచ్చు. అది న్యాయమైన మాటే. సైటులో ఉన్న సరుకు లెక్కపెట్టి, రసీదులు చూసి, అడ్వాన్సుగా విడిగా రాయండి. వచ్చే బిల్లులో తగ్గించుకోండి. పని బిల్లులో మాత్రం కలపనివ్వకండి. పై వరుసలకు పరంజా ఖర్చుంటుందంటారు. నిజమే, కానీ ఆ పని ఇంకా జరగలేదు కదా!

కొలతలు ఒప్పుకోకపోయినా, పని ఆపేసినా, ప్లాస్టరింగ్ మొదలవకముందే సివిల్ ఇంజినీరుతో కొలిపించండి. అప్పటికీ తేలకపోతే ఒప్పందపత్రంతో న్యాయవాదిని కలవండి.