స్లైడు చెప్పేది ఒకటి, టబ్బు అడిగేది ఒకటి

తోటపల్లి గూడూరు నుంచి తీరం వైపు పోయేకొద్దీ రొయ్యల గుంటలు కనిపిస్తాయి. 2009లో వనామీకి అనుమతి వచ్చాక నెల్లూరు జిల్లాలో గుంటలతో పాటు రొయ్యల కంపెనీల్లో కొలువులు కూడా పెరిగాయి. డిగ్రీ అయిపోయి అలాంటి కంపెనీలో సూపర్‌వైజరుగానో, క్యూసీలోనో చేరిన పిల్లలకు మొదటి నెలల్లోనే ఒక పని తగులుతుంది. "ట్రైనింగు పీపీటీ ఉంది గదా, దాన్ని ఎస్.ఓ.పి. చేసి పీలింగు హాల్లో పెట్టు" అంటాడు మేనేజరు.

చాలామంది చేసేది ఏమిటంటే, స్లైడ్లలోని వాక్యాలను కాపీ చేసి, ముందు నంబర్లు వేసి, పైన కంపెనీ లోగో పెట్టి ప్రింటు తీస్తారు. అరగంటలో పని అయిపోతుంది. దాన్ని హాల్లో ఎవరూ చూడరు. చూసినా చేయడానికి అందులో ఏమీ ఉండదు. మీరు ఆ పని చేయకండి.

పీపీటీ పక్కన మాట్లాడే మనిషి ఉంటాడు. తెర మీద నాలుగు ముక్కలుంటే మిగతా నలభై ముక్కలు అతను నోటితో చెబుతాడు. ఎస్.ఓ.పి. పక్కన ఎవరూ ఉండరు. తెల్లవారుజామున షిఫ్టుకు వచ్చిన మనిషి తడి చేతులతో ఆ కాయితం ముందు నిలబడితే, అదొక్కటే మాట్లాడాలి. కాబట్టి మీరు ముందు పట్టుకోవాల్సింది స్లైడులో లేనిదాన్ని.

ఒక్క స్లైడు తీసుకుందాం. హ్యాండ్ డిప్ గురించి, అంటే హాల్లోకి వచ్చేవాళ్ళు చేతులు ముంచే క్లోరిన్ నీళ్ళ టబ్బు గురించి. అందులో నాలుగు వాక్యాలున్నాయనుకోండి. చేతుల ద్వారా బాక్టీరియా రొయ్యకు చేరుతుంది. డిప్‌లో క్లోరిన్ 20 పీపీఎం ఉండాలి. నీళ్ళు తరచూ మార్చాలి. సిబ్బంది అందరూ తప్పనిసరిగా పాటించాలి.

మొదటిది కారణం. రెండోది హద్దు. మూడోది పని లాగా కనిపిస్తుంది గానీ కాదు, ఎందుకంటే 'తరచూ' అంటే ఒకరికి గంట, ఇంకొకరికి పూట. నాలుగోది హెచ్చరిక, దాన్ని కొట్టేయండి. చూశారా, స్లైడంతా వెతికినా చేయాల్సిన పని ఒక్కటి కూడా పూర్తిగా లేదు.

ఈ విడదీసే పద్ధతి కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్ళు పెద్ద ఎత్తున వచ్చిపడ్డారు. వాళ్ళకు వేగంగా పని నేర్పడానికి 1940లో 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే కార్యక్రమం మొదలైంది. అందులో సూపర్‌వైజరు చేత ఒక కాయితం రాయించేవారు. ఒక పక్క ముఖ్యమైన మెట్లు, ఇంకో పక్క ఆ మెట్టులో చెయ్యి తప్పకుండా చూసుకోవాల్సిన కీలకాంశాలు. యుద్ధం తర్వాత అది జపాన్‌కు వెళ్ళింది, టొయోటా దాన్ని తన పద్ధతిలో కలుపుకుంది. కారణం కోసం మూడో గడి కూడా వాడతారు. మీరూ మూడు గడులు గీయండి. మన స్లైడు నుంచి కారణం గడి నిండుతుంది, కీలకాంశాల్లో 20 అన్న అంకె పడుతుంది, మెట్ల గడి ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీ ఆఫీసు గదిలో కూర్చుంటే నిండదు. టబ్బు దగ్గరకు వెళ్ళాలి.

వెళ్ళాక ఏం చూడాలి? 20 పీపీఎం అంటే లీటరుకు 20 మిల్లీగ్రాముల క్లోరిన్. టబ్బులో 50 లీటర్లు పడితే మొత్తం 1000 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాము కావాలి. హాల్లో వాడే హైపో, అదే సోడియం హైపోక్లోరైట్, 5 శాతానిదైతే ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. కాబట్టి 20 మిల్లీలీటర్లు పోయాలి. 10 శాతానిదైతే 10 మిల్లీలీటర్లు చాలు. ఈ లెక్క మీరు ఒకసారి వేసుకోవాలి, పనిచేసేవాళ్ళ నెత్తిన పెట్టకూడదు. వాళ్ళకు కావాల్సింది టబ్బు లోపల ఒక గీత, కొలత గ్లాసు మీద ఇంకో గీత.

ఇక్కడే అసలు చిక్కు. హైపో ఎండకు, వేడికి బలం పోగొట్టుకుంటుంది. మన ఎండల్లో షెడ్డు పక్కన పెట్టిన క్యాను మీద 10 శాతం అని ఉన్నా, కొన్ని వారాలకు లోపల 6 శాతమే మిగలవచ్చు. లేబులు నమ్మి 10 మిల్లీలీటర్లు పోస్తే 50 లీటర్ల టబ్బులో వచ్చేది 12 పీపీఎం. కాయితం ప్రకారం అంతా సరిగ్గానే చేశారు, క్లోరిన్ మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది. అందువల్ల "10 మిల్లీలీటర్లు పోయండి" అని ఎస్.ఓ.పి.లో అచ్చు వేయకండి. రోజూ మారేది బోర్డు మీద ఉండాలి, మారనిది కాయితం మీద ఉండాలి. క్యూసీ ఉదయం క్యాను బలం చూసి ఆ రోజు మోతాదు బోర్డు మీద రాస్తాడు. కాయితం "బోర్డు చూడండి" అంటుంది.

మోతాదు సరిపోయిందా లేదా అన్నది స్ట్రిప్ తేల్చాలి. స్ట్రిప్ డబ్బా కూడా చేతిలోకి తీసుకుని చూడండి. బజారులో బాగా దొరికే రకం మీద 10, 50, 100, 200 గడులుంటాయి. మనకు కావాల్సిన 20 ఆ మొదటి రెండు రంగుల మధ్య ఎక్కడో ఉంటుంది, కంటికి తేలదు. దాన్ని పట్టుకుని రిజిస్టరులో 20, 20, 20 అని రాసుకుంటూ పోతే అది చదివిన అంకె కాదు, అలవాటైన అంకె. తక్కువ రేంజి స్ట్రిప్ కొనమని స్టోర్సుకు రాయండి. ఎస్.ఓ.పి. రాయడంలో సగం పని ఇలాంటి కొనుగోళ్ళే, ఆ సంగతి మీ మేనేజరుకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక 'తరచూ' సంగతి. రొయ్య ఒలిచిన చేతులు ముంచేకొద్దీ నీళ్ళలోకి మాంసపు జిగురు దిగుతుంది, అది క్లోరిన్‌ను తినేస్తుంది. ఒక పూట కూర్చుని అరగంటకొకసారి స్ట్రిప్ ముంచి రాసుకోండి. ఎక్కడ 20 కంటే తగ్గుతోందో తెలుస్తుంది. దానికి ముందే నీళ్ళు మార్చే సమయం పెట్టి క్యూసీ చేత ఒప్పించండి. మీ హాల్లో గంటన్నర వస్తే గంట అని రాయండి. పక్క కంపెనీ అంకె మీకు పనికిరాదు, వాళ్ళ మనుషులు వేరు, వాళ్ళ టబ్బు వేరు.

ఇంత చూశాక కాయితం ఇలా వస్తుంది:

పని: పీలింగు హాలు తలుపు దగ్గర హ్యాండ్ డిప్ నింపడం. చేసేవారు: ఆ షిఫ్టు హైజీన్ వర్కరు. ఎప్పుడు: షిఫ్టుకు ముందు, ప్రతి విరామం తర్వాత మనుషులు లోపలికి వచ్చేలోపు, మధ్యలో గంటకొకసారి.

1. పాత నీళ్ళు మొత్తం పారబోయండి. టబ్బును బ్రష్షుతో రుద్ది కడగండి.
2. మంచినీళ్ళు ఎర్ర గీత దాకా పట్టండి.
3. గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోండి. బోర్డు మీదున్న మోతాదు హైపోను కొలత గ్లాసుతో కొలిచి నీళ్ళలో పోయండి.
4. శుభ్రమైన తెడ్డుతో అడుగు దాకా కలపండి.
5. స్ట్రిప్ ముంచండి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి రంగు పోల్చండి.
6. 20 గడి రంగు రాకపోతే తలుపు తెరవకండి, క్యూసీని పిలవండి.
7. టైము, రీడింగు రిజిస్టరులో రాసి సంతకం పెట్టండి.

హైపోలో యాసిడ్ గానీ, వేరే క్లీనింగు మందు గానీ కలపకండి. విషవాయువు వస్తుంది.

ఒక్కో మెట్టుకు ఒకటో రెండో పనులు, ప్రతి వాక్యం చివర క్రియ. ఆరో మెట్టు చూడండి. అంకె తప్పితే ఏం చేయాలో స్లైడు చెప్పదు, ఎందుకంటే ట్రైనింగు రోజు ఏదీ తప్పదు. ఈ మెట్టు లేని కాయితాన్ని నేనైతే ఎస్.ఓ.పి. అనను. ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. మన రొయ్యలు ఎక్కువగా కొనే అమెరికాలో 1997 డిసెంబరు 18 నుంచి అమల్లో ఉన్న సీఫుడ్ హాసప్ నిబంధన పరిశుభ్రతకు సంబంధించి ఎనిమిది విషయాలను గమనిస్తూ ఉండాలంటుంది. చేతులు కడిగే, శానిటైజ్ చేసే ఏర్పాట్లు అందులో ఒకటి. గమనించినదాన్నీ, తప్పు కనబడితే సరిదిద్దినదాన్నీ రికార్డు చేయాలని కూడా అంటుంది. ఆడిటరు వచ్చి అడిగేది మీ పీపీటీని కాదు, ఆ రిజిస్టరును.

ఇప్పుడు పరీక్ష. హాల్లో కొత్తగా చేరిన ఒక అక్కను పిలవండి. "అక్కా, నేనేమీ చెప్పను. ఈ కాయితం చూసి చెయ్యండి" అని పక్కకు జరగండి. నోరు మూసుకుని నిలబడటం ఇందులో అన్నిటికంటే కష్టమైన మెట్టు. ఆమె రెండో మెట్టు దగ్గర ఆగి, "ఏ గీత సార్? లోపల ఇంకోటి కూడా ఉంది గదా" అనవచ్చు. టబ్బు కంపెనీవాళ్ళు వేసిన పాత గీత మీ కంటికి ఆనలేదు. అప్పుడు ఆమెకు వివరించి పంపేస్తే ఆమె ఒక్కరే నేర్చుకుంటారు. పాత గీతను చెరిపించి, మీ గీతను మందంగా ఎర్ర రంగుతో వేయించి, దాని ఫోటో రెండో మెట్టు పక్కన పెట్టండి. ఆమె ఆగిన ప్రతి చోటూ మీ వాక్యం ఆగిన చోటే. చదవడం రానివాళ్ళు గానీ, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు గానీ ఉంటే ఫోటోలే దిక్కు. ఇంటర్నెట్ నుంచి దించిన మెరిసే బొమ్మలు వద్దు. మీ టబ్బు, మీ గ్లాసు, మీ బోర్డు.

పీపీటీని మాత్రం పారేయకండి. కారణాల గడి అంతా అందులోనే ఉంది. కొత్తవాళ్ళకు కూర్చోబెట్టి చెప్పేటప్పుడు అదే కావాలి. అందులోని 'తరచూ', 'తగినంత', 'సరిగ్గా' లాంటి మాటలను వెతికి, వాటి కింద గీత గీసి ఉంచుకోండి. మీరు రాయాల్సిన తర్వాతి ఎస్.ఓ.పి.లు అక్కడే ఉన్నాయి.

కాయితానికి ల్యామినేషన్ చేయించి టబ్బు పైన, కంటి ఎత్తులో పెట్టండి. కింద తేదీ, వెర్షన్ నంబరు, క్యూసీ సంతకం ఉండాలి. నీళ్ళు మార్చే సమయం గానీ, టబ్బు గానీ మారిన రోజు కొత్త కాయితం పెట్టి, పాతదాన్ని గోడ మీద నుంచి మీ చేత్తోనే తీసేయండి. రెండూ వేలాడుతుంటే జనం పాతదాన్నే పాటిస్తారు.