వారం పేరు లేని చీటీ
(మాకవరపాలెంలో కొత్త ఫార్మసీ పట్టభద్రులతో ఒక సీనియర్ ఫార్మసిస్టు)

పిల్లలూ, రేపటి నుంచి కౌంటర్ వెనక నిలబడేది మీరే. ఈరోజు మీకు ఒకే ఒక్క చీటీ గురించి చెబుతాను.

కీళ్లవాతంతో విశాఖ కేజీహెచ్‌లో చూపించుకుని వచ్చిన ఒకావిడ మన ఊళ్లో మందులు తీసుకోవడానికి వచ్చిందనుకోండి. చీటీలో మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు వారానికోసారి, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు వారానికోసారి, వేరే రోజున అని ఉంది. ఈ రెండు మందుల వెనకా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి లెడర్లీ బృందమే. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది దాని పనిని అడ్డుకునే మందు. చాలాసార్లు రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే, అందుకే తారుమారవుతాయి.

2.5 మిల్లీగ్రాముల మాత్రలైతే ఆ ఒక్కరోజే ఆరు వేసుకోవాలి, నాలుగు వారాలకు 24. ఆవిడ బీపీ మాత్రలాగే రోజుకొకటి మింగిందనుకోండి. ఆ 24 మాత్రలు 24 రోజులొస్తాయి. నెల తిరిగేసరికి మళ్లీ మీ షాపుకే వస్తుంది, లెక్క చూస్తే మీకు పెద్దగా తేడా కనిపించదు. కానీ రోజూ పడితే మూలుగకు కోలుకునే వ్యవధి ఉండదు. నోట్లో పుండ్లు, జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద కమిలిన మచ్చలు, పొడిదగ్గు, ఆయాసం కనిపిస్తాయి. అలాంటివి చెబితే మాత్ర ఆపించి, ఆ పూటే ఆసుపత్రికి పంపండి.

అందుకే మాత్రలు ఇచ్చేటప్పుడే వారం పేరు ఆవిడ చేతే చెప్పించండి. "అమ్మా, ఇది ఏ రోజు వేసుకుంటావు, ఎన్ని వేసుకుంటావు?" అని అడిగి, చీటీలో వారం పేరు ఉండి ఆవిడ చెప్పిన రోజు దానితో సరిపోతే కవరు మీద తెలుగులో పెద్దగా రాయండి. ఫోలిక్ యాసిడ్‌కి వేరే కవరు. చదువు రాకపోతే ఇంట్లో చదివేవాళ్లెవరో కనుక్కుని వాళ్లకీ చెప్పండి.

ఇంకొకటి అడగడం మరవకండి: మూత్రంలో మంటకో, దగ్గుకో కోట్రైమోక్సజోల్ వాడుతోందా? మెథోట్రెక్సేట్‌తో కలిస్తే అది మూలుగను ఇంకా దెబ్బతీస్తుంది. నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడుతోందేమో కూడా తెలుసుకోండి.

మెథోట్రెక్సేట్ వచ్చి డెబ్భై ఏళ్లు దాటింది. అయినా వారానికోసారి మాత్రను రోజూ మింగే ఈ పొరపాటు ఆగక, 2019లో యూరప్ మందుల సంస్థ మాత్రల పెట్టె మీద హెచ్చరిక ఉండాలని, రోగి చేతికి కార్డు ఇవ్వాలని కొత్తగా చెప్పింది. కాలేజీలో చదివిన పాఠం దగ్గరే ఆగిపోతే ఇలాంటివి మీకు తెలియవు. నెలకొకసారైనా మీరు ఎక్కువగా అమ్మే మందుల కరపత్రాలు తిరగేయండి.

మెథోట్రెక్సేట్ పక్కన 'రోజూ' అని రాసి ఉన్నా, వారం పేరు లేకపోయినా మీరు ఊహించి ఇవ్వొద్దు. ఆవిడను కూర్చోబెట్టి డాక్టరుగారికి ఫోన్ చేయండి.