వాన లెక్కకు రెండు దారులు: గామా విభాజనంలో మూమెంట్స్, లైక్లీహుడ్

పటాన్‌చెరులో కంపెనీల పొగగొట్టాలు దాటితే ఇక్రిశాట్ పొలాలు కనిపిస్తాయి. 1972లో మొదలైన ఈ పరిశోధనా కేంద్రం పని మెట్ట పంటల మీద. మెట్ట సేద్యంలో మొదటి ప్రశ్న వానదే. విత్తిన వారంలో పది మిల్లీమీటర్లు కూడా పడకపోయే అవకాశం ఎంత? ఇలాంటి ప్రశ్నకు స్టాటిస్టిక్స్‌లో తరచూ వాడేది గామా విభాజనం. వాన సున్నాకు తగ్గదు, అప్పుడప్పుడు మాత్రం విపరీతంగా కురుస్తుంది. గామా వక్రం కూడా అలాగే ఎడమవైపు కుదురుగా ఉండి, కుడివైపు పొడవుగా సాగుతుంది.

దీనికి రెండు పరామితులు. ఆల్ఫా (α) వక్రం ఆకారాన్ని, బీటా (β) దాని విస్తారాన్ని నిర్ణయిస్తాయి. సగటు αβ, విస్తృతి αβ². చేతిలో ఉన్న కొలతల నుంచి ఈ రెంటినీ ఎలా రాబట్టాలన్నదే మన పాఠం.

అభ్యాసం కోసం మేము ఊహించి వేసుకున్న అంకెలు ఇవి. పదేళ్లలో ఒకే వారం కురిసిన వాన, మిల్లీమీటర్లలో: 8, 12, 20, 25, 30, 35, 45, 55, 70, 100.

మొదటిది మూమెంట్స్ పద్ధతి. కొలతల సగటును αβకు, విస్తృతిని αβ²కు సమానం చేస్తాం. సగటు 40, విస్తృతి 730.8. విస్తృతిని సగటుతో భాగిస్తే β = 18.3. సగటును βతో భాగిస్తే α = 2.19. క్యాలిక్యులేటర్ ఉంటే ఐదు నిమిషాల పని.

రెండోది మాగ్జిమం లైక్లీహుడ్. మన చేతిలోని కొలతలే వచ్చే అవకాశాన్ని ఏ α, β విలువలు అన్నింటికన్నా ఎక్కువ చేస్తాయో వాటిని ఎంచుకుంటాం. ఇక్కడ సగటుతో పాటు కొలతల లాగ్‌ల సగటు కూడా కావాలి. αకు నేరుగా సూత్రం లేదు కాబట్టి 1958లో థామ్ ఇచ్చిన ఉజ్జాయింపు వాడతాం:

A = ln(సగటు) − (ln విలువల సగటు)
α ≈ (1 + √(1 + 4A/3)) / (4A)

మన అంకెలకు A = 3.689 − 3.440 = 0.249. దాంతో α = 2.17, β = 18.5 వస్తాయి. రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరాయి. పది మి.మీ. లోపు వాన పడే అవకాశం సుమారు 8 శాతం.

ఇప్పుడు చివరి కొలత 100 బదులు 190 అనుకుందాం. అది అసాధ్యమేమీ కాదు. 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక్క రోజులోనే 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఈ ఒక్క మార్పుతో మూమెంట్స్ α 2.19 నుంచి 0.95కు పడిపోతుంది. లైక్లీహుడ్ α 1.44 దగ్గర ఆగుతుంది. α ఒకటి కన్నా తగ్గితే వక్రానికి మధ్యలో మూపు ఉండదు, సున్నా దగ్గరే ఎత్తుగా మొదలై కిందికి జారుతుంది. అందుకే పది మి.మీ. లోపు వాన పడే అవకాశం మూమెంట్స్ ప్రకారం 20 శాతం, లైక్లీహుడ్ ప్రకారం 11 శాతం. ఒక ఏడు కుండపోత కురిసినందుకు, వాన లేని వారాల భయం రెండింతలకు మించి పెరిగింది! విస్తృతిలో తేడాలను వర్గం చేస్తాం కాబట్టి పెద్ద కొలతకు అంత బలం వస్తుంది. లాగ్ ఆ బలాన్ని తగ్గిస్తుంది.

అయితే లైక్లీహుడ్‌కూ ఒక బలహీనత ఉంది. మొదటి పట్టికలో 100ను అలాగే ఉంచి, 8 బదులు 0.5 రాయండి. మూమెంట్స్ α 1.97 అవుతుంది. లైక్లీహుడ్ α మాత్రం 1.13కు దిగిపోతుంది. ఇక సున్నా వస్తే లాగ్ అనేదే ఉండదు. అందుకే వాన అసలు పడని వారాలను విడిగా లెక్కించి, పడిన వారాలకే గామా అమర్చాలి. తర్వాత రెండు అవకాశాలనూ కలపాలి.

మరి ఏది మేలు? కొలతలు నిజంగా గామా పద్ధతిలోనే ఉంటే లైక్లీహుడ్‌దే పైచేయి. మూమెంట్స్‌లోని ఈ లోటును ఫిషర్ 1922లోనే చూపించారు. అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు గీసినవారు 1945లో సి.ఆర్. రావు గారు, వాల్తేరు ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివినవారే. కొలతలు బాగా ఎక్కువున్నప్పుడు లైక్లీహుడ్ ఆ హద్దుకు చేరుతుంది. α విలువ 1 దగ్గర ఉంటే, లైక్లీహుడ్ వంద కొలతలతో ఇచ్చే కచ్చితత్వానికి మూమెంట్స్‌కు దాదాపు 260 కావాలి. α పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది.

కాబట్టి మిత్రులారా, రెండూ చేసి చూడండి. జవాబులు దగ్గరగా ఉంటే లైక్లీహుడ్ విలువలు తీసుకోండి. దూరంగా ఉంటే సూత్రాన్ని వదిలి వానమాపకం రిజిస్టర్ తెరవండి. అన్నింటికన్నా పెద్ద అంకెనూ, అన్నింటికన్నా చిన్న అంకెనూ చూడండి. దశాంశ బిందువు జారిందా, నిజంగానే అంత వాన పడిందా అన్నది అక్కడే తేలాలి.