తమ్ముడికి, క్లినిక్ ఖర్చుల గురించి

చిరంజీవి తమ్ముడికి,

ప్రచారానికి నెలకు నాలుగు వేలకు మించి పెట్టలేనన్నావు. సరిపోతుంది. దేనికి పెట్టాలో తేల్చే ముందు నీ ఓపీ రిజిస్టరు తియ్యి. కొత్తగా వచ్చిన మనిషి ఏడాదిలో సగటున ఎన్నిసార్లు వస్తున్నాడో లెక్కపెట్టు. మూడుసార్లనుకుందాం. నీ ఫీజు 200, అంటే 600. దూది, సూదుల ఖర్చు పోగా 500 మిగిలితే, ఆ మనిషి నీ గుమ్మం ఎక్కడానికి అందులో ఐదో వంతు, అంటే 100కు మించి ఖర్చు కాకూడదు.

నేను క్లినిక్ పెట్టిన రెండో ఏడు ఈ లెక్క వేయలేదు. 6,000 పెట్టి కరపత్రాలు పంచాను. వాటిని చూసి వచ్చింది ఏడుగురే, తలకు 850 దాటింది. పైగా అది తప్పని తర్వాత తెలిసింది. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం రోగుల్ని ఆకర్షించే ప్రకటనలు ఇవ్వకూడదు. ప్రాక్టీసు మొదలుపెట్టినా, చిరునామా మారినా పత్రికలో తెలపవచ్చు. బోర్డు మీద పేరు, డిగ్రీలు, స్పెషాలిటీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే చాలు. ఎదురుగా ఉన్న మందుల షాపుకు నీ బోర్డు తగిలించకు, అదీ కూడదు. రోగిని పంపినందుకు ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇవ్వడం అసలే వద్దు. ఆ డబ్బు చివరికి రోగి జేబులోంచే వస్తుంది.

ఇక నాలుగు వేలు. లైటు బోర్డుకు 12,000 అయితే నెలకు వెయ్యి చొప్పున రాసుకో. టైమింగులు, ఫోన్ నంబరు ఉన్న చీటీలకు 500. ఒక వెయ్యి పక్కన ఉంచు, ఖర్చు కాకపోతే వచ్చే నెలకు కలుపుకో. గూగుల్‌లో నీ క్లినిక్ వివరాలు సరిచేయడానికి పైసా అక్కర్లేదు. సాయంత్రం నువ్వుండే వేళ అక్కడ తప్పుగా ఉంటే, వచ్చి తాళం చూసి వెళ్లినవాడు మళ్లీ రాడు.

మిగిలిన 1,500 మీ రిసెప్షన్ అమ్మాయికి, రోజూ ఒక గంట అదనంగా ఉన్నందుకు. నెలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలు రాయించుకుని 40 రోజులైనా రానివాళ్లకు ఆమె ఫోన్ చేయాలి. మా దగ్గర ఒక నెల 40 మందికి చేస్తే 12 మంది వచ్చారు. 200 చొప్పున 2,400, ఆ నెల ఖర్చు ఆ నెలలోనే తిరిగొచ్చింది. వాళ్లలో ఇద్దరు మాత్రలు పూర్తిగా మానేశారు, బీపీ బాగా పెరిగిపోయి ఉంది. ఆ ఇద్దరి కోసమైనా ఈ పని మానకు. ఫోన్ ఇంకెవరైనా ఎత్తితే మాత్రం జబ్బు పేరు చెప్పవద్దని ఆ అమ్మాయికి గట్టిగా చెప్పు.

మిగతా 2,500కు నెలకు కనీసం 25 మంది కొత్తవాళ్లు రావాలి. అది తెలియడానికి రిజిస్టరులో ‘ఎలా తెలిసింది’ అని ఒక గడి గీయించు. హడావిడిలో అందరికీ ‘బోర్డు’ అని రాసేస్తారు. వరుసగా పది గళ్లలో అదే మాట కనిపిస్తే, ఆ రోజు వచ్చినవాళ్లను నువ్వే అడుగు. ‘తెలిసినవాళ్లు చెప్పారు’ అంటే, ఎవరో కూడా అడిగి రాయించు.

మూడు నెలల గళ్లు నిండాక రిజిస్టరు పట్టుకుని ఒక ఆదివారం ఇంటికి రా, కలిసి చూద్దాం.

నీ అక్క