అద్దె ఒప్పందం: షల్, మే, నాట్‌విత్‌స్టాండింగ్

నాందేడ్ అద్దె వివాదాలకు ఒకప్పుడు హైదరాబాద్ ఇళ్ల చట్టం, 1954 వర్తించేది; తర్వాత మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999 వచ్చింది. అద్దె ఒప్పందాన్ని ఈ చట్టం సెక్షన్ 55తో కలిపి చదవాలి. మొదట సెక్షన్ 7 నిర్వచనాలు: అక్కడ ‘ల్యాండ్‌లార్డ్’ అంటే సొంతదారే కానక్కర్లేదు, అద్దె అందుకునే హక్కున్నవారు కూడా.

సెక్షన్ 55 ‘నాట్‌విత్‌స్టాండింగ్’తో మొదలవుతుంది. ఇతర నిబంధనలు ఏం చెప్పినా, వైరుధ్యం వస్తే ఇదే నిలుస్తుంది. ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి అన్నచోట ‘షల్’ వాడారు, అది తప్పనిసరి. రిజిస్టర్ చేయించే బాధ్యత యజమానిదే. ఉదాహరణకు, రిజిస్ట్రేషన్ లేదనుకుందాం. అద్దె 10,000 అని యజమాని, 8,000 అని అద్దెదారు అంటున్నారు. వేరుగా రుజువు కానంతవరకు 8,000 మాటే చెల్లుతుంది.

ఈ సెక్షన్ పాటించని యజమానికి శిక్ష దగ్గర ‘మే’ వస్తుంది: జైలు మూడు నెలల దాకా ఉండవచ్చు. అది గరిష్ఠ పరిమితి. ఎంతన్నది కోర్టు నిర్ణయిస్తుంది.