చిన్న కణాలు కరిగి పెద్ద కణాలు పెరిగే లెక్క

జెట్ ఇంజన్‌లోని టర్బైన్ బ్లేడు ఎర్రగా కాగే వేడిలోనూ సాగిపోకుండా నిలుస్తుంది. అందుకు ముఖ్య కారణం నికెల్ మిశ్రమ లోహంలో కంటికి కనిపించనంత చిన్నవిగా ఏర్పడే Ni₃Al కణాలు. వీటిని అవక్షేపాలు అంటారు. ఇవి దగ్గర దగ్గరగా ఉంటేనే లోహం వంగకుండా అడ్డుకోగలవు. కానీ వేడిలో ఎక్కువ కాలం ఉంచితే చిన్న కణాలు మాయమై, పెద్దవి మరింత పెద్దవవుతాయి. కణాల మధ్య ఖాళీ పెరిగి లోహం బలహీనపడుతుంది. దీనినే ఆస్ట్వాల్డ్ రైపెనింగ్ అంటారు.

ఇలా ఎందుకు జరుగుతుంది? చిన్న కణం ఉపరితలానికి వంపు ఎక్కువ. దాని పరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి అందులోని పరమాణువులు సులభంగా బయటికి వచ్చేస్తాయి. అందువల్ల చిన్న కణం చుట్టూ అల్యూమినియం గాఢత ఎక్కువగా, పెద్ద కణం చుట్టూ తక్కువగా ఉంటుంది. నీరు పల్లానికి పారినట్లు, అల్యూమినియం చిన్న కణం నుండి పెద్ద కణం వైపు విసరణ చెందుతుంది.

ఇక ఘనమూలం ఎక్కడిది? సగటు వ్యాసార్థం r అనుకుందాం. గాఢతలోని తేడా 1/rకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ తేడా పరుచుకునే దూరం కూడా సుమారు r అంతే. తేడాను దూరంతో భాగిస్తే వాలు 1/r² అవుతుంది. పెరుగుదల రేటు ఆ వాలును బట్టే ఉంటుంది.

dr/dt = C/r²

r²ను ఎడమవైపుకు తెచ్చి సమాకలనం చేస్తే:

r³ − r₀³ = Kt

1961లో లిఫ్షిట్జ్, స్ల్యోజొవ్ కలిసి, వాగ్నర్ విడిగా దీన్ని పూర్తి సిద్ధాంతంగా నిరూపించారు.

ఒక లెక్క చేద్దాం. మొదట r₀ 50 నానోమీటర్లు, 100 గంటల తర్వాత 100 నానోమీటర్లు అనుకోండి. 10,00,000 నుండి 1,25,000 తీసివేస్తే 8,75,000. కాబట్టి K గంటకు 8,750 ఘన నానోమీటర్లు. 100 నుండి 200కు చేరడానికి 70,00,000 పెరగాలి, అంటే మరో 800 గంటలు పడుతుంది. మొదటి రెట్టింపుకు 100 గంటలు, రెండో రెట్టింపుకు 800 గంటలు! కణాలు పెద్దవయ్యే కొద్దీ వంపు తగ్గుతుంది, ప్రయాణ దూరం పెరుగుతుంది. అందుకే ఈ నిదానం. ఆ రెండో రెట్టింపులో కణాల సంఖ్య ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ప్రయోగశాలలో దీన్ని సరిచూడాలంటే ఒకే ఉష్ణోగ్రతలో ఉంచిన నమూనాలను వేర్వేరు గంటల తర్వాత తీసి, చల్లార్చి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో సగటు వ్యాసార్థం కొలవాలి. కాలానికి r³తో గ్రాఫు గీస్తే సరళరేఖ రావాలి. ఉష్ణోగ్రత మారితే K మారిపోతుంది కాబట్టి కొలిమి వేడి నిలకడగా ఉండాలి. పరమాణువు ప్రయాణం కంటే కణం ఉపరితలంపై అతుక్కోవడమే ఆలస్యమైతే, r³ బదులు r² సరళరేఖ ఇస్తుంది. రేణువుల సరిహద్దుల్లో విసరణ వేగంగా జరుగుతుంది, అక్కడి కణాలు ముందే పెద్దవవుతాయి. వాటిని సగటులో కలపకూడదు.